జలుబు చేస్తే అన్నం ఎందుకు సయించదు, ఆ రోజుల్లో ఎలా వండి ఎలా తినిపించాలి

మొన్న పుష్యమాసం చలిలో మా అత్తకు జలుబు చేసింది. మాది పర్లాకిమిడి, నాలుగడుగులేస్తే పాతపట్నం, అంటే ఒడిశాలో ఉన్నామన్న మాటే గానీ మా వంటింట్లో అంతా తెలుగే. మూడో రోజు మధ్యాహ్నం కందిపప్పుకి ఇంగువ పోపు పెట్టి, పైన చెంచాడు నెయ్యి వేసి కంచం చేతికిస్తే రెండు ముద్దలు తిని పక్కకు తోసేసింది. "ఉప్పూ లేదు, ఏమీ లేదు, గడ్డి తిన్నట్టుంది. పప్పు కూడా వండడం మర్చిపోయావేంటే?" అంది. పదహారేళ్ళుగా ఆవిడకి అదే పప్పు వండి పెడుతున్నదాన్ని, నాకు ఒళ్ళు మండిపోయింది.

కోపం తగ్గాక గిన్నెలో మిగిలిన పప్పన్నం నేనూ ఒక ముద్ద కలుపుకుని, ముక్కు రెండు వేళ్ళతో గట్టిగా మూసుకుని తిన్నాను. నిజంగానే గడ్డి. ఉప్పు తెలిసింది, వేడి తెలిసింది, పప్పు మెత్తగా ఉందని తెలిసింది, అంతే. ఇంగువ లేదు, నెయ్యి లేదు, కరివేపాకు లేదు. మింగేసి వేళ్ళు తీసి గాలి వదలగానే అన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అప్పుడర్థమైంది, ఆవిడ కంచంలోకి వెళ్ళింది నేను వండిన పప్పు కాదు, అందులోంచి వాసన తీసేయగా మిగిలింది.

ఇంట్లో ఎవరికైనా పడిశం పట్టి అన్నం సయించకపోతే నేను చేసిన పనులు వరసగా రాస్తున్నాను. వరస ముఖ్యం, ఎందుకంటే చాలామంది నేరుగా మూడో పని దగ్గరికి వెళ్ళిపోయి కూరలో ఇంకో చెంచా ఉప్పూ కారం గుమ్మరిస్తారు.

ముందు: పోయింది వాసనా, రుచా?

మనం "రుచి" అనేదాంట్లో నాలుక వాటా చిన్నది. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇంకా మాంసం ఉడికించిన నీళ్ళలో, పండిన టమాటాలో, ఎండుచేపలో ఉండే ఆ కమ్మదనం, ఈ అయిదే నాలుక పట్టుకుంటుంది. మామిడిపండుకీ పనసతొనకీ తేడా చెప్పేది, నెయ్యికీ నూనెకీ తేడా చెప్పేది ముక్కు. అయితే ముందు నుంచి ఎగబీల్చి చూసే వాసన కాదు. నమిలేటప్పుడు, మింగిన వెంటనే గాలి వదిలేటప్పుడు, నోట్లోని వాసన కొండనాలుక వెనక నుంచి పైకెక్కి ముక్కులోకి వెళ్తుంది. ఇది వెనక దారి. ముక్కు లోపల పై కప్పులో, రెండు కళ్ళ మధ్య ఎత్తులో, తపాలా బిళ్ళంత పొర ఒకటి ఉంటుంది, వాసన పట్టే కణాలు ఉండేది అక్కడే. వింత ఏమిటంటే వెనక దారిన వచ్చిన వాసనని మెదడు ముక్కు ఖాతాలో రాయదు, నాలుక ఖాతాలో రాస్తుంది. అందుకే జలుబు చేసినవాళ్ళు "వాసన తెలియట్లేదు" అనరు, "నోరు చప్పబడిపోయింది" అంటారు, "నీ వంట బాగోలేదు" అంటారు.

పరీక్ష ఇలా చేయండి. చిటికెడు పంచదార, చిటికెడు యాలకుల పొడి కలపండి. జలుబు ఉన్న మనిషి కళ్ళు మూసుకుని, ముక్కు మూసుకుని, అది నాలుక మీద వేసుకోవాలి. తీపి మాత్రం తెలుస్తుంది. కాస్త చప్పరించాక ముక్కు వదిలి, నోరు మూసుకునే గాలి ముక్కులోంచి వదలమనండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి అప్పుడు యాలకులు గుప్పుమంటాయి. మా అత్తకి ముక్కు వదిలినా తీపే. తర్వాత విడివిడిగా నాలుక మీద ఉప్పు రవ్వ, నిమ్మరసం చుక్క, నమలడానికి రెండు మెంతిగింజలు పెట్టాను. మూడూ గబగబా చెప్పేసింది, మెంతులకైతే మొహం చిట్లించి నన్ను తిట్టింది కూడా. అంటే నాలుక బ్రహ్మాండంగా ఉంది, పోయింది ముక్కే.

ఉప్పూ తీపీ కూడా తెలియకపోతే అది వేరే సంగతి. జ్వరంలో నోరు ఎండిపోయి నాలుక మీద తెల్లటి పొర కట్టినా అలా అవుతుంది, ఎందుకంటే ఉప్పైనా పంచదారైనా లాలాజలంలో కరిగితేనే నాలుకకు అందుతుంది. ముందు నోరు పుక్కిలించి, నాలుక గీసుకుని, కాసిని నీళ్ళు తాగి మళ్ళీ చూడండి. అప్పుడూ తెలియకపోతే డాక్టరుకి చెప్పాల్సిన విషయం అది. కోవిడ్‌లో కొందరికి వాసనతో పాటు నాలుక రుచి కూడా నిజంగానే పోయింది.

ఇంకొక్క చిన్న పని ఉంది. చల్లటి స్టీలు చెంచా ముక్కు కింద అడ్డంగా పట్టి ఊపిరి వదలమనండి. చెంచా మీద రెండు ఆవిరి మచ్చలు కనబడాలి. ఒకవైపు మచ్చ లేకపోతే, లేదా పిసరంత ఉంటే, ఆ రంధ్రం బిగదీసుకుందని అర్థం. మా అత్తకి ఎడమవైపు అసలు లేదు, కుడివైపు మినపగింజంత. మామూలు జలుబులో వాసన పోవడానికి మొదటి కారణం ఇదే: లోపలి పొర వాచి, చీమిడి అడ్డం పడి, పైన ఉన్న ఆ తపాలా బిళ్ళ దాకా గాలి చేరదు. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి, చెంచా మీద మచ్చలు బాగానే పడుతున్నా వాసన తెలియకపోవచ్చు. గాలి ఎక్కువగా ముక్కు కింది భాగం నుంచే వెళ్తుంది, పైన సన్నటి సందు మాత్రం మూసుకుపోయి ఉండొచ్చు. లేదా వైరస్సు ఆ పొరనే దెబ్బతీసి ఉండొచ్చు. దీని సంగతి చివర్లో చెప్తాను.

తర్వాత: తినే ముందు ముక్కు తెరవడం

జలుబులో ముక్కు రోజంతా ఒకేలా ఉండదు, కాసేపు బిగుస్తుంది, కాసేపు వదులుతుంది. అన్నం ఆ వదిలిన గంటలో పెట్టాలి. మేమేం చేస్తామంటే పన్నెండున్నరకి భోజనం అని గడియారం చూసుకుని పెడతాం, అప్పటికి ఆవిడ పడుకుని లేచి ముక్కు పూర్తిగా దిబ్బడేసి ఉంటుంది.

భోజనానికి అరగంట ముందు ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం అన్నిటికంటే పనికొచ్చింది. పావు లీటరు నీళ్ళు బాగా మరగనిచ్చి గోరువెచ్చగా చల్లారాక అర టీస్పూను ఉప్పు కలపండి, అయోడిన్ లేని ఉప్పయితే మంట తక్కువ. నీళ్ళు మరగబెట్టడం మాత్రం మానకండి, బావి నీళ్ళూ బోరు నీళ్ళూ కుళాయి నీళ్ళూ నేరుగా ముక్కులోకి పోయకూడదు, తాగితే ఏమీ చేయని క్రిములు కొన్ని ముక్కులోకి వెళ్తే ప్రాణం మీదికి తెస్తాయి. ముందుకు వంగి, తల పక్కకి వాల్చి, నోటితో ఊపిరి పీలుస్తూ పై రంధ్రంలో మెల్లగా పోస్తే కింది రంధ్రంలోంచి వస్తాయి. మా అత్త "నేను మునిగిపోతాను" అని గోల చేసింది కాబట్టి ఆవిడకి మందుల షాపులో దొరికే ఉప్పునీళ్ళ స్ప్రే తెచ్చాం, ఒక్కో వైపు రెండు మూడు సార్లు కొట్టి, రెండు నిమిషాలాగి మెల్లగా చీదమన్నాం. గట్టిగా చీదితే చెవులు పోటు పెడతాయి.

ముక్కు వెంటనే తెరుచుకునే చుక్కల మందు కూడా ఉంటుంది, క్సైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ అని సీసా మీద రాసి ఉంటుంది. బాగానే పనిచేస్తుంది, చిక్కు కూడా అక్కడే: అయిదు రోజులు దాటి వాడితే మందు దిగిపోగానే ముక్కు ముందుకంటే ఎక్కువ బిగుస్తుంది, మళ్ళీ చుక్కలు వేస్తారు, మళ్ళీ బిగుస్తుంది, ఇలా ఏడాదిగా సీసా జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు అడగకుండా వేసుకోకూడదు.

ఇక అందరూ చేసేది, బామ్ రాసి ఆవిరి పట్టడం. ఆవిరికి హాయిగా ఉంటుంది, చీమిడి పలచబడుతుంది, పట్టండి, కానీ గిన్నె ఒళ్ళో పెట్టుకోకుండా బల్ల మీద పెట్టుకుని పట్టండి, పిల్లల దగ్గర అసలొద్దు. బామ్ సంగతి మాత్రం తమాషా. అందులోని మెంథాల్ ముక్కు లోపల చల్లదనం తెలిపే నరాన్ని తడుతుంది, దాంతో గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి వాపు ఏమీ తగ్గదు. బామ్ రాశాక చెంచా పెట్టి చూశాను, మచ్చలు అంతకు ముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, ఆవిడ మాత్రం "వదిలిందే అమ్మా" అంది. నిద్ర కోసం రాసుకోండి, అన్నం రుచి దాంతో రాదు.

తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి, మంచం మీద చేరగిలబడి కాదు. ముద్ద నిదానంగా నమిలి, మింగి, నోరు మూసుకునే ముక్కులోంచి మెల్లగా గాలి వదలమని చెప్పండి. వెనక దారిలో ఏ కాస్త సందు ఉన్నా వాసన పైకెక్కేది ఆ క్షణంలోనే. ముక్కు మూసుకుపోయినవాళ్ళు ఊపిరందక గబగబా నమిలి గుటుక్కున మింగేసి నోరు తెరుస్తారు, ఉన్న వాసన కాస్తా నోట్లోంచే బయటికి పోతుంది. రెండు ముద్దలకే అలిసిపోవడానికి కూడా అదే కారణం, నమలడానికీ ఊపిరికీ నోరు ఒక్కటే అయిపోతుంది కదా.

ఇప్పుడు వంట: ముక్కుతో పనిలేనివి వెతకండి

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేసేది. చప్పగా ఉందంటే ఉప్పు పెంచుతాం. నాలుకకి ఉప్పు తెలుస్తూనే ఉందని మెంతిగింజల పరీక్షలో చూశాం కదా, లేనిది వాసన, ఉప్పుతో వాసన రాదు. కూర ఉప్పన అవుతుంది, చప్పదనం మాత్రం అలాగే ఉంటుంది, బీపీ ఉన్న మనిషి ఒంట్లోకి మాత్రం ఆ ఉప్పంతా చేరుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు కాఫీలో పంచదార పెంచేది కూడా ఇలాగే, వాసన లేని కాఫీ అంటే వేడి చేదు నీళ్ళే కాబట్టి.

ముక్కుతో పనిలేకుండా తెలిసేవి మూడు రకాలు. నాలుక పట్టే అయిదు రుచులు ఒకటి. కరకర, మెత్తన, వేడి, చల్లన, ఇవి రెండోది. మూడోది ఘాటు. మిరపకాయ మంట, మిరియం, అల్లం, ఆవాలు ముక్కుకెక్కడం, ఉల్లిపాయ కళ్ళు మండించడం, ఇవి వాసనలూ కాదు, నాలుక రుచులూ కాదు. మొహం అంతటికీ స్పర్శ, నొప్పి, వేడి తెలిపే నరం ఒకటుంది, ఘాటు దాని పని. వాసన పొర మూసుకుపోయినా సాధారణంగా ఆ నరం పనిచేస్తూనే ఉంటుంది.

అందుకే నాలుగో రోజు పప్పు పక్కన పెట్టి కంద బచ్చలి ఆవ పెట్టి వండాను. ఎలా చేశానో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆవ ఎప్పుడు కలపాలన్నదే ఇందులో కిటుకు. టీస్పూనున్నర ఆవాలు, ఒక ఎండుమిరపకాయ పావుగంట నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళతోనే మెత్తగా నూరి పది నిమిషాలు అలా వదిలేశాను. ఆవగింజలో ఘాటు ముందే తయారై ఉండదు, గింజ నలిగి నీళ్ళు తగిలాక పుడుతుంది, అందుకే వెంటనే నోట్లో వేసుకుంటే చేదు, కాసేపాగితే ముక్కుకెక్కుతుంది. ఇటు కంద ముక్కలూ బచ్చలికూరా చింతపండు పులుసులో ఉడికించి, పోపు పెట్టి, స్టవ్ ఆపేసి, గిన్నె చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక ఆవముద్ద కలిపాను. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటంతా ఆవిరైపోతుంది, మిగిలేది చేదు. పోపులో చిటపటలాడే ఆవాలకి ఘాటుండకపోవడం కూడా అందుకే, వేడికి ఆ ఘాటు పుట్టించే సరుకే చచ్చిపోతుంది.

పెట్టాక ఆవిడ మొదటి ముద్ద తిని ఒక్క క్షణం ఆగింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కొంగుతో తుడుచుకుని "ఆఁ, ఇది తెలుస్తోంది" అంది. పులుపు నాలుకకి, ఆవ ఘాటు ఆ నరానికి, కంద మెత్తదనం పంటికి. ఇంగువ వేశానో లేదో ఆవిడకి తెలియదు, అడిగితే వేయలేదంది, వేశాను. ఆ పూట కప్పు అన్నం తింది, దానితో పాటు వేయించిన వడియాలు. అవి మెత్తబడకుండా విడిగా చిన్న పళ్ళెంలో పెట్టాను, కరకరలాడితేనే దానికి విలువ. సాయంత్రం మరమరాలు, ఇక్కడ అందరూ ముఢీ అంటారు, వాటి మీద నిమ్మరసం పిండి, సన్నగా తరిగిన అల్లం, వేరుశెనగపప్పు కలిపి ఇచ్చాను. వేళకి కలిపి వెంటనే ఇచ్చేయాలి, పది నిమిషాలు ఆగితే చెమ్మపట్టి అట్టముక్కలే.

గొంతు పుండుగా ఉంటే ఘాటు వద్దు, అప్పుడు పులుపూ చలవా నమ్ముకోవాలి: చోడి అంబలిలో పుల్లటి మజ్జిగ కలిపి, కొంచెం ఉప్పేసి ఇవ్వండి. మాంసాహారులైతే టమాటాలో ఎండు నెత్తళ్ళు వేసిన పులుసు మంచిది, దానిలో కమ్మదనం నాలుకకి నేరుగా తెలుస్తుంది. అందులో ఉప్పు ముందే ఉంటుంది, కాబట్టి కడిగి, విడిగా ఉప్పు వేయకుండా వండండి. నెయ్యి, ఇంగువ, కొత్తిమీర, మసాలా పొడి, వీటి మీద డబ్బు పోయకండి ఆ నాలుగు రోజులూ. అవన్నీ ముక్కు సరుకులు.

ఆకలి కోసం ఎదురు చూడకండి

జలుబులో ఆకలి పోవడానికి రెండు కారణాలు కలిసి వస్తాయి. ఒకటి, ఒంట్లో వైరస్సుతో పోరాడే రసాయనాలే మెదడుకి వెళ్ళి ఆకలి తగ్గిస్తాయి, జ్వరమొస్తే ఎవరికైనా అంతే. అది జ్వరంతో పాటే పోతుంది. రెండోది వాసన. పక్కింట్లో చేప వేగుతుంటే మన నోట్లో నీళ్ళూరతాయి కదా, అప్పుడు కడుపులో కూడా రసాలు మొదలవుతాయి, అంటే ముద్ద నోటికి రాకముందే వాసన పొట్టకి కబురు పెడుతుంది. ముక్కు మూసుకుపోయినవాళ్ళకి ఆ కబురు రాదు. వంట అవుతోందని కూడా తెలియదు, హఠాత్తుగా ఎదురుగా కంచం వస్తుంది. జ్వరం తగ్గి రెండు రోజులైనా ఇంకా తినట్లేదంటే కారణం చాలావరకూ ఇదే. కాబట్టి వంటింట్లోకి రమ్మనండి, కూర్చోబెట్టి కంద ముక్కలు చూపించండి, "ఇవాళ నిమ్మకాయ పిండి చేస్తున్నా" అని ముందే చెప్పండి. నిమ్మకాయ కోయడం చూస్తే, లేదా ఆ మాట వింటే కూడా నోట్లో నీళ్ళూరతాయి, దానికి ముక్కు అక్కర్లేదు.

పరిమాణం తగ్గించి సార్లు పెంచండి. మా అత్తకి మూడు పూటల కంచం మానేసి, రెండున్నర గంటలకోసారి చిన్న గిన్నె: ఉదయం గుడ్డు, తర్వాత అంబలి, మధ్యాహ్నం అరకప్పు అన్నం ఆవకూర, మూడింటికి పెరుగు, సాయంత్రం ముఢీ, రాత్రి పలచటి పెసరపప్పు. ఆకలి వేస్తోందా అని అడగలేదు. అడిగితే లేదనే అంటుంది, అది నిజం కూడా. నీళ్ళు సరిపోతున్నాయా అన్నది మూత్రం రంగుని బట్టి చూసుకోండి, ముదురు పసుపు అయితే తక్కువైనట్టే.

ఇక్కడొక ప్రమాదం ఉంది, మాకు దాదాపు జరిగింది. ఆవిడకి షుగరుంది, గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటుంది. అన్నం రెండు ముద్దలు తిన్న ఆ మూడో రోజు మాత్ర మాత్రం ఠంచనుగా వేసుకుంది. మూడున్నరకి చేతులు వణుకుతున్నాయి, చెమటలు, ఏం మాట్లాడుతోందో ఆవిడకే తెలియట్లేదు. మీటరులో 61. గ్లాసుడు నీళ్ళలో మూడు టీస్పూన్ల పంచదార కలిపి తాగించాం, పావుగంటకి మళ్ళీ చూస్తే 88, అప్పుడు పెరుగన్నం పెట్టాం. ఆ రకం మాత్రలూ, ఇన్సులినూ తిన్నా తినకపోయినా చక్కెర దించేస్తాయి. తిండి సగానికి తగ్గిందంటే ఆ రోజే డాక్టరుకి ఫోను చేసి మోతాదు అడగండి, సొంతంగా మానేయకండి, సొంతంగా వేసుకుంటూ పోకండి. 70 కంటే కిందికి వస్తే పంచదార నీళ్ళు, స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి.

ఇంకో జాగ్రత్త చిన్నదే. వాసన లేనివాళ్ళకి గ్యాస్ లీకైతే తెలియదు. గ్యాసుకి సొంతంగా వాసన లేదు, మనకు తెలియాలనే ఆ కుళ్ళు కంపు కలుపుతారు, అది పట్టే ముక్కే లేకపోతే కలిపీ లాభం లేదు. వాళ్ళు ఒంటరిగా వండుకుంటుంటే రాత్రి రెగ్యులేటర్ ఆపేయమనండి. పాలు విరిగాయా, నిన్నటి కూర పాడైందా అన్నది కూడా వేరేవాళ్ళు చూసి చెప్పాలి.

వాసన తిరిగి రాకపోతే

ముక్కు బిగదీయడం వల్ల పోయిన వాసన ముక్కు వదిలేకొద్దీ తిరిగొస్తుంది, వారం, రెండు వారాలు. మా అత్తకి తొమ్మిదో రోజున కొంచెం కొంచెంగా వచ్చింది, ముందు కాఫీ, తర్వాత అగరొత్తి, ఇంగువ అన్నిటికంటే ఆఖరున.

ముక్కు పూర్తిగా తెరుచుకుని, చెంచా మీద రెండు మచ్చలూ చక్కగా పడుతూ, మూడు నాలుగు వారాలైనా వాసన రాకపోతే దెబ్బ ఆ పొరకే తగిలి ఉండొచ్చు. కోవిడ్‌లో చాలామందికి జరిగింది ఇదే, ముక్కు దిబ్బడ లేకుండానే వాసన పోయింది, ఎందుకంటే ఆ వైరస్సు వాసన పట్టే కణాలని ఆనుకుని ఉండి వాటిని పోషించే కణాల్లోకి దూరుతుంది. అప్పుడు చెవి ముక్కు గొంతు డాక్టరుని చూడాలి. ఒక్కవైపు రంధ్రమే ఎప్పుడూ మూసుకుని రక్తం వస్తున్నా, తలకి దెబ్బ తగిలాక వాసన పోయినా అన్ని వారాలు కూడా ఆగకండి.

ఇంట్లో చేయగలిగింది వాసన సాధన. జర్మనీలో డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ అనే డాక్టరు బృందం 2009లో ప్రచురించిన పద్ధతి: గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం, ఈ నాలుగు వాసనలు ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, 12 వారాలు. నాలుగు చిన్న సీసాల్లో దూది పెట్టి, ఒకదాంట్లో గులాబీ అత్తరు, ఒకదాంట్లో నీలగిరి తైలం రెండేసి చుక్కలు వేయండి, నిమ్మకి తాజా తొక్క, లవంగాలు దంచినవి. ఒక్కోటి 20 సెకన్లు మెల్లగా చిన్న చిన్నగా పీల్చాలి, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ. తైలం ముక్కులో వేసుకోకూడదు. నీలగిరి చల్లగా గుచ్చుకున్నట్టు తెలిస్తే వాసన వచ్చేసిందని సంబరపడకండి, అది ఆ ఘాటు నరం పని, లవంగానికీ కొంత అంతే. గులాబీ, నిమ్మ తెలిస్తే వచ్చినట్టు. అందరికీ పూర్తిగా రాదు, వారంలో తేలే పనీ కాదు.

వచ్చేటప్పుడు కొందరికి వంకరగా వస్తుంది. బరంపురంలో ఉండే మా ఆడపడుచుకి 2021లో కోవిడ్ తగ్గిన రెండు నెలలకి వాసన మొదలైంది, కానీ ఉల్లిపాయ వేగితే కుళ్ళిన మాంసంలా, కాఫీ కాలిన రబ్బరులా. గుడ్డు పేరెత్తితే వాంతి. పిల్ల ఎండిపోయింది. పొర బాగుపడేటప్పుడు నరాల తీగలు సగం సగం అతుక్కోవడం వల్ల ఇలా అవుతుందని డాక్టరు చెప్పాడు, మెల్లగా సర్దుకుంటుందన్నాడు. అలాంటివాళ్ళకి ఆవ పెట్టిన కూర కాదు, వేయించినవేవీ లేకుండా చల్లారిన తిండి పెట్టాలి, ఎందుకంటే వేడిగా ఉంటే వాసన ఎక్కువ లేస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, కాఫీ, గుడ్డు, వేయించిన మాంసం, ముందు వీటిని ఆపండి. మా ఆడపడుచు పక్కింటి ఒడియా మాఉసి ఇంట్లో సోమవారం, గురువారం ఉల్లి ముట్టరు. ఆ రోజుల్లో వాళ్ళు చేసే దాల్మా, బొప్పాయి ముక్కలూ అరటికాయా పప్పులో ఉడికించి కొబ్బరి వేసింది, గోరువెచ్చగా ఒక గిన్నెడు పంపేది. మూడు నెలలు ఆ పిల్ల కడుపులో నిలిచింది అదీ, పెరుగన్నమూ, దానిమ్మగింజలూ.